కారు పంపే కబురు

కనెక్టెడ్ కారు అంటే సొంత సిమ్ ఉన్న కారు. డ్యాష్‌బోర్డు వెనకనో, సీటు కిందనో, కొన్ని మోడళ్లలో పైకప్పు లోపలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. సర్వీస్ సెంటర్లలో దాన్ని టీసీయూ అంటారు. టెలిమాటిక్స్ కంట్రోల్ యూనిట్ అనే పొడుగాటి పేరుకు అది పొట్టి రూపం. మొబైల్ మోడెమ్, ఇ-సిమ్, జీపీఎస్ రిసీవర్, చాలావాటిలో ఒక చిన్న సొంత బ్యాటరీ అందులో ఇమిడి ఉంటాయి. కారులోని మిగతా కంప్యూటర్లు తమలో తాము మాట్లాడుకునే తీగలకు ఈ పెట్టెను కూడా తగిలిస్తారు. అందువల్ల తలుపుకు తాళం పడిందా, టైర్లలో గాలి ఎంత, బ్యాటరీ ఎలా ఉంది అన్న సంగతులు దాని చెవిన పడుతుంటాయి. మన దేశంలో 2019లో ఎంజీ హెక్టర్, హ్యుందాయ్ వెన్యూ, కియా సెల్టోస్ వచ్చాక ఈ ఏర్పాటు మధ్యతరగతి ఇళ్లకూ చేరింది.

ఈ కార్ల యాప్ చూసేవారికి ఫోను నేరుగా కారుతో మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. ఫోన్‌నే తాళంచెవిగా వాడే బ్లూటూత్ సదుపాయాన్ని మినహాయిస్తే, జరిగేది వేరు. ఏదో ఒక సెన్సర్ ఒక విషయాన్ని గమనిస్తుంది. దానికి సంబంధించిన కంప్యూటర్ ఆ విషయాన్ని తీగ మీద వేస్తుంది. టీసీయూ దాన్ని అందుకుని, మొబైల్ నెట్‌వర్క్ మీదుగా కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ దాన్ని తన పుస్తకంలో రాసుకుని, గూగుల్ లేదా ఆపిల్ నడిపే నోటిఫికేషన్ వ్యవస్థకు అప్పజెబుతుంది. అక్కడినుంచి అది ఫోన్‌కు వస్తుంది. యాప్ తెరిచినప్పుడు కనిపించేది సర్వర్ పుస్తకంలో కారు పేరిట చివరిసారి పడిన పద్దు. కారు ఇప్పుడు ఎలా ఉందో ఆ పద్దుకు తెలియదు.

టీసీయూ ఎప్పుడూ మేలుకుని ఉంటే ఈ తేడా అంతగా బయటపడేది కాదు. అయితే అది నిద్రపోక తప్పదు. కారణం బ్యాటరీ. ఆపి ఉంచిన కారు కూడా గడియారానికి, అలారానికి, రిమోట్ తాళం సిగ్నల్ కోసం ఎదురుచూసే రిసీవర్‌కు కొద్దికొద్దిగా కరెంటు వాడుతూనే ఉంటుంది. అది సాధారణంగా 20 నుంచి 50 మిల్లీయాంపియర్ల మధ్య ఉంటుంది. 30 అనుకుంటే రోజుకు 0.72 యాంపియర్ అవర్లు, నెలకు 21 పైచిలుకు ఖర్చవుతాయి. చిన్న కారు బ్యాటరీ 45 యాంపియర్ అవర్లది అయితే, బండిని నెలరోజులు కదపకపోతే అందులో దాదాపు సగం హరించుకుపోతుంది. మోడెమ్‌ను పూర్తిగా మేల్కొలిపి ఉంచితే ఈ ఖర్చు ఎన్నో రెట్లవుతుంది, వారం తిరగకుండానే సెల్ఫ్ కొట్టడం కష్టమవుతుంది. అందుకే ఇంజన్ ఆపాక కొంతసేపటికి టీసీయూ కునుకు తీస్తుంది. నడుమనడుమ లేచి నెట్‌వర్క్ వైపు ఒకసారి చూస్తుంది. కారు చాలా రోజులు కదలకపోతే, లేదా బ్యాటరీ వోల్టేజి ఒక హద్దు కంటే దిగితే, గాఢనిద్రలోకి జారుకుంటుంది. ఆ తరవాత యాప్‌లో ఎన్నిసార్లు రిఫ్రెష్ నొక్కినా పాత పద్దే కనిపిస్తుంది.

యాప్‌లో అన్నిటికన్నా విలువైన సమాచారం అందువల్ల ఏ మూలనో చిన్న అక్షరాల్లో ఉండే "Last updated" అనే గీత. తలుపు తాళం బొమ్మ పెద్దదిగా, పచ్చగా కనిపిస్తుంది కాబట్టి చూపు దానిమీద పడుతుంది. ఆ పచ్చదనం నిన్న సాయంత్రం 6.10కి నిజం. ఆ తరవాత ఎవరైనా తాళం తీశారా అన్నది టీసీయూ మళ్లీ నోరు విప్పితేనే తెలుస్తుంది. యాప్ తయారుచేసేవాళ్లు ఈ రెంటి సైజులూ తారుమారు చేసి ఉంటే వినియోగదారుల సందేహాలు సగం తీరిపోయేవి.

టైర్ల గాలి దీనికి మంచి ఉదాహరణ. చక్రం లోపల సెన్సర్ ఉండే రకంలో, ఆ సెన్సర్‌కు ఉన్నది మార్చడానికి వీల్లేని చిన్న బ్యాటరీ. దాన్ని ఏళ్ల తరబడి కాపాడుకోవాలి కాబట్టి కారు ఆగి ఉన్నప్పుడు సెన్సర్ దాదాపు మౌనంగా ఉండి, చక్రం తిరగడం మొదలయ్యాకే తరచుగా అంకెలు పంపుతుంది. రాత్రి మేకు గుచ్చుకుని తెల్లారేసరికి టైరు నేలకు అంటుకుపోయినా, యాప్‌లో నిన్న ఇంటికి వచ్చేటప్పటి 33 పీఎస్ఐ అంకె అలాగే ఉండవచ్చు. చక్రంలో సెన్సర్ లేని రకం ఇంకో దారి పడుతుంది. గాలి తగ్గిన చక్రం చుట్టుకొలత కాస్త తగ్గి, మిగతావాటికన్నా వేగంగా తిరుగుతుంది. బ్రేకుల కోసం అమర్చిన సెన్సర్లతో ఆ తేడాను లెక్కగట్టి హెచ్చరిస్తుంది. ఇందులో పీఎస్ఐ కొలిచినవారు ఎవరూ లేరు. నాలుగు టైర్లలోనూ గాలి సమానంగా తగ్గితే ఈ పద్ధతి పసిగట్టడం కష్టం. రెండు పద్ధతులకూ యాప్‌లో వచ్చే మాట ఒకటే, టైరులో గాలి తగ్గిందని.

ఇక కబురు దారిలో ఆగిపోయే చోట్లు. సెల్లార్‌లో సిగ్నల్ లేకపోతే చాలా టీసీయూలు సందేశాన్ని దాచుకుని, బయటికి వచ్చాక పంపుతాయి. ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే కబురు గూగుల్ దగ్గర ఆగుతుంది. పంపినవారు వేరే గడువు పెట్టకపోతే ఆండ్రాయిడ్ నోటిఫికేషన్‌ను గూగుల్ నాలుగు వారాల వరకు అట్టిపెడుతుంది. ఫోన్‌లో బ్యాటరీ పొదుపు మోడ్ ఉంటే కొన్ని యాప్‌ల కబుర్లు ఇంకా ఆలస్యమవుతాయి. ఈ కారణాలవల్ల ఒక్కో నోటిఫికేషన్ వెనక మూడు గడియారాలు ఉంటాయి: కారులో సంగతి జరిగిన వేళ, సర్వర్‌కు చేరిన వేళ, ఫోన్ మోగిన వేళ. తెర మీద పైకి కనిపించేది మూడోది. మొదటిది తెలియాలంటే యాప్‌లోకి వెళ్లి ఆ సందేశం వివరం తెరవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. నోటిఫికేషన్ ఒక సంఘటనను చెబుతుంది, ఆ సంఘటన ముగిసిన సంగతి చెప్పే అలవాటు చాలా యాప్‌లకు లేదు. డిక్కీ సరిగా పడలేదని కబురు వస్తుంది. పక్కింటాయన గమనించి మూసేశాడని మరో కబురు రాకపోవచ్చు. లోపాల విషయంలోనూ అంతే. లోపం పుట్టినప్పుడు మోగిన ఫోను అది పోయినప్పుడు మోగదు. పోయిన జ్వరం గురించి వారం తరవాత పరామర్శకు వచ్చే బంధువులా, ఆ సందేశం జాబితాలో కూర్చునే ఉంటుంది.

ఎస్‌ఓఎస్ బటన్ వెనక

ఈ కబుర్లన్నిటిలో ఎక్కువ కంగారు పెట్టేది అత్యవసర కాల్ వ్యవస్థలో లోపం ఉందన్నది. అద్దం పక్కన, లేదా పైకప్పు లైటు దగ్గర ఎస్‌ఓఎస్ అని రాసి ఉండే బటన్ ఈ వ్యవస్థకు పైకి కనిపించే ముఖం. దాన్ని చేత్తో నొక్కినా, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నా కారు తనంతట తానే ఫోన్ చేస్తుంది.

దీన్ని చట్టంగా మార్చింది ఐరోపా సమాఖ్య. 2018 మార్చి 31 నుంచి అక్కడ కొత్తగా ఆమోదం పొందే ప్రతి కారు మోడల్‌లోనూ ఇ-కాల్ అనే ఈ ఏర్పాటు ఉండి తీరాలి. కాల్ నేరుగా 112కు వెళుతుంది. చందా ఏదీ అక్కర్లేదు. గొంతుతో పాటు 140 బైట్లకు మించని ఒక చిన్న సమాచార చీటీ కూడా వెళుతుంది. అందులో కారు గుర్తింపు సంఖ్య, సమయం, ఉన్నచోటు, ఏ దిక్కుకు వెళుతోంది, పెట్రోలా డీజిలా కరెంటా, కాల్ తనంతట వచ్చిందా మనిషి నొక్కాడా అన్న వివరాలు ఉంటాయి. ఎంతమంది బెల్టు పెట్టుకున్నారో కూడా కొన్ని కార్లు చెబుతాయి. ఆ చీటీలో ఒక చిన్న గడి ఉంది, దాని గురించి బయట ఎక్కువమందికి తెలియదు: "నేను చెప్పిన చోటును నమ్మవచ్చా?" అన్నది. నిజమైన చోటు చెప్పినదానికి 150 మీటర్ల లోపే ఉందన్న నమ్మకం 95 శాతం కంటే తగ్గితే, నమ్మవద్దని కారే రాయాలి. చీటీ పోయినా, అందకపోయినా గొంతు మాత్రం కలుస్తుంది. అవతలి ఉద్యోగి ఏం జరిగిందని అడగగలడు.

మన దేశంలో సొంత కార్లకు అలాంటి చట్టపు ఏర్పాటు లేదు. ఇక్కడి కనెక్టెడ్ కార్లలో ఎస్‌ఓఎస్ నొక్కితే మామూలుగా కాల్ కంపెనీ నియమించిన కాల్ సెంటర్‌కు పోతుంది. వాళ్లు మాట్లాడి, అవసరాన్నిబట్టి అంబులెన్సుకో, పోలీసుకో, ముందే రాసిచ్చిన ఇంటి నంబరుకో చెబుతారు. ఈ సేవ మొదటి కొన్నేళ్లు ఉచితం, తరవాత చందా. చందా ముగిస్తే బటన్ అక్కడే ఉంటుంది, లైటు వెలగవచ్చు కూడా, అవతల ఎత్తేవారు ఉండకపోవచ్చు. ఆ గడువు తేదీని యాప్‌లో చూసుకోవడం ఏ లోపాల హెచ్చరికకన్నా ముందు చేయవలసిన పని. ట్యాక్సీల్లో, బస్సుల్లో కనిపించే ఎర్రటి ప్యానిక్ బటన్ ఇంకో వ్యవస్థ. ఏఐఎస్-140 అనే ప్రమాణం కింద అమర్చే ట్రాకర్‌కు చెందినది అది, దీనితో కలపకూడదు.

తనను తాను పరీక్షించుకునే పెట్టె

అత్యవసర వ్యవస్థలో లోపమన్న మాట ఎక్కడ పుడుతుంది? ఇగ్నిషన్ వేసిన ప్రతిసారీ టీసీయూ కొన్ని క్షణాలపాటు తన ఒళ్లు తాను తడిమి చూసుకుంటుంది. ఆ సమయంలో ఎస్‌ఓఎస్ దీపం ఒకసారి వెలిగి ఆరడం, లేదా ఎరుపు నుంచి పచ్చకు మారడం చాలా కార్లలో కనిపిస్తుంది. ఐరోపా నిబంధనల్లో ఈ స్వీయపరీక్ష తప్పనిసరి. కాల్ చేయలేనంత లోపం ఉంటే కారులోని వారికి హెచ్చరిక ఇవ్వాలి.

పరీక్షలో చూసేవి ఇవి: మైకు తీగ తగిలి ఉందా, స్పీకర్ తగిలి ఉందా, మొబైల్ యాంటెన్నా, జీపీఎస్ యాంటెన్నా ఊడిపోలేదు కదా, సిమ్ పలుకుతోందా, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ నుంచి వచ్చే లైను బతికి ఉందా, సొంత బ్యాటరీలో సత్తువ ఉందా. వీటిలో చాలావరకు కరెంటు ప్రవాహాన్ని బట్టి తేల్చే విషయాలే. తీగ తెగితే ప్రవాహం ఉండదు, ఒకదానికొకటి అంటుకుంటే ఎక్కువవుతుంది. మైకులోకి మనిషి గొంతు స్పష్టంగా పోతోందా అన్నది ఈ పరీక్ష చూడదు. పరీక్ష కోసం 112కు ఫోన్ చేయడమూ ఉండదు. ప్రతి ఉదయం కోట్ల కార్లు అలా చేస్తే అక్కడి ఉద్యోగులు ఏమవుతారో ఊహించుకోవచ్చు.

ఐరోపా ఇ-కాల్‌లో మరో కట్టుబాటు ఉంది. కారును ఎవరూ వెంబడించకుండా, ఆ వ్యవస్థ మామూలు రోజుల్లో మొబైల్ నెట్‌వర్క్‌లో నమోదు కాకుండా నిద్రాణంగా ఉండాలి. ప్రమాదం జరిగినప్పుడే అది మొదటిసారి టవర్‌ను వెతుక్కుంటుంది. యాప్‌కు కబుర్లు మోసే డేటా దారి కంపెనీ విడిగా నడిపేది. అందువల్ల యాప్ చక్కగా పనిచేస్తోందని ఎస్‌ఓఎస్ కూడా బాగుందనుకోవడం తప్పు. యాప్ మూగబోయిందని ఎస్‌ఓఎస్ పోయిందనుకోవడమూ అంతే తప్పు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. చాలా కార్లలో ఈ రెండు దారులకూ పెట్టె ఒకటే. ఎస్‌ఓఎస్‌లో లోపం ఉందన్న కబురు ఫోన్‌కు కొత్తగా చేరిందంటే, దాన్ని పంపిన మోడెమ్, సిమ్, యాంటెన్నా ఆ క్షణానికి పనిచేస్తున్నట్టే. నోరున్నవాడే ఫిర్యాదు చేయగలడు. అనుమానం అప్పుడు మైకు, స్పీకర్, బటన్, సొంత బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్ లైను వంటి వాటికి కుదించుకుపోతుంది. పెట్టె మొత్తం చచ్చిపోతే యాప్‌కు ఏ కబురూ రాదు. తాళం బొమ్మ అలాగే పచ్చగా ఉంటుంది, చివరి తేదీ మాత్రం కదలదు. కారు రోజూ తిరుగుతున్నా "Last updated" మూడు రోజుల కిందటి తేదీ చూపిస్తోందంటే, ఫోన్ మోగకపోయినా అది ఎస్‌ఓఎస్ లోపపు కబురుకన్నా పెద్ద కబురు. అలాంటప్పుడు డ్యాష్‌బోర్డు మీది దీపాన్నే నమ్మాలి.

సెల్లార్‌లో పన్నెండు రోజులు

కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ అనుకుందాం. నాలుగేళ్ల కారు రెండో సెల్లార్‌లో ఉంటుంది. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ రైల్లో రాజమండ్రి వెళ్లి పన్నెండు రోజులకు తిరిగొచ్చారు. ఉదయం 7.42కి సెల్ఫ్ కొడితే ఇంజన్ కాస్త మూలిగి అందుకుంది. ర్యాంపు ఎక్కి గేటు దాటగానే ఫోన్‌కు వరసగా మూడు కబుర్లు: బ్యాటరీ వోల్టేజి తక్కువ, ఎస్‌ఓఎస్ వ్యవస్థలో లోపం, వెనక ఎడమ తలుపు మూయలేదు.

మూడూ ఒకే నిమిషంలో మోగాయి కాబట్టి కారులో ఏదో పెద్ద విపత్తు జరిగినట్టు కనిపిస్తుంది. వివరాలు తెరిస్తే తేదీలు వేరువేరు. తలుపు సందేశం ఊరెళ్లిన రోజు సామాను దించుకుంటున్నప్పటిది. అప్పుడే మూసేశారు, సిగ్నల్ లేక కబురు సెల్లార్‌లోనే చిక్కుకుపోయింది. బ్యాటరీ సందేశం తొమ్మిదో రోజుది. ఎస్‌ఓఎస్ ఒక్కటే ఆ ఉదయం 7.42ది.

7.42కి జరిగింది ఇది. పూర్తిగా నిండిన 12 వోల్టుల బ్యాటరీ, కారు ఆగి ఉన్నప్పుడు 12.6 లేదా 12.7 చూపిస్తుంది. పన్నెండు రోజుల్లో ఈ కారుది 12.1కి దిగింది. సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా వందల యాంపియర్లు లాగుతుంది కాబట్టి ఆ క్షణంలో వోల్టేజి ఎప్పుడూ పడుతుంది. బ్యాటరీ బాగుంటే పదికి అటూ ఇటూ ఆగుతుంది, ఇక్కడ తొమ్మిది కంటే కిందికి జారింది. సరిగ్గా ఆ వేళకే టీసీయూ స్వీయపరీక్ష మొదలుపెట్టింది. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ కరెంటు చాలక ఒక క్షణం పలకలేదు. లైను తెగిందని టీసీయూ రాసుకుంది. వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు ఇలాంటి రాతలు రాయకూడదని సాఫ్ట్‌వేర్‌లో జాగ్రత్త పెడతారు, అది అన్ని కార్లలోనూ సమానంగా ఉండదు.

ఈ అనుమానాన్ని తేల్చడానికి సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తనక్కర్లేదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెడితే 14.1 ఉంది, అంటే ఆల్టర్నేటర్ బాగానే నింపుతోంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంట తిప్పి, రాత్రంతా ఆపి, పొద్దున్నే చూస్తే 12.5. మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు ఎస్‌ఓఎస్ దీపం ఎప్పటిలా వెలిగి ఆరింది. రెండుమూడుసార్లు అలాగే అయితే కథ ముగిసినట్టే. యాప్‌లోని పాత సందేశాన్ని చేత్తో తీసేయవచ్చు. మెకానిక్ స్కానర్ పెడితే ఆ లోపం "History" కింద కనిపిస్తుంది. "Current" కింద ఉంటేనే అది ఇప్పటికీ బతికున్న లోపం. బిల్లు కట్టేముందు ఈ రెండు మాటల్లో ఏది తెర మీద ఉందో చూపించమని అడగడం వాహనదారు హక్కు.

రెండో రోజు పొద్దున బ్యాటరీ 12.5 ఉన్నా ఎస్‌ఓఎస్ దీపం ఆరలేదనుకుందాం. అప్పుడు నాలుగేళ్ల కారులో మొదట చూడవలసింది టీసీయూ సొంత బ్యాటరీ. ప్రమాదంలో ఇంజన్ ముందుభాగం నలిగి పెద్ద బ్యాటరీ తెగిపోయినా కాల్ ఆగకూడదని దీన్ని పెడతారు. ఐక్యరాజ్యసమితి 144వ నిబంధన ప్రకారం ఇలాంటి బ్యాటరీ మొదట ఐదు నిమిషాలు మాట్లాడించి, తిరిగి కాల్ వస్తే అందుకోవడానికి ఒక గంట మేలుకుని, మళ్లీ ఐదు నిమిషాలు మాట్లాడించగలగాలి. దీనికి పెద్ద శత్రువు వేడి. మే నెలలో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ఏళ్ల తరబడి అలా ఉడికిన బ్యాటరీలో సత్తువ తగ్గుతుంది. ఆ దశలో వచ్చే హెచ్చరికకు అర్థం: ఎస్‌ఓఎస్ నొక్కితే కాల్ ఇప్పటికీ వెళ్లవచ్చు, పెద్ద బ్యాటరీ కూడా పోయేంత గట్టి దెబ్బ తగిలితే మాత్రం కాల్ నిలబడకపోవచ్చు. తెర మీద ఈ వివరం ఉండదు. మైకు పోయినా, ఇది పోయినా అదే మాట. కొన్ని కార్లలో ఈ బ్యాటరీ విడిగా మార్చుకునేది, కొన్నింటిలో పెట్టె మొత్తం మార్చాల్సిందే. ఖర్చులో తేడా చాలా ఉంటుంది, ఏది ఏ రకమో పనికి ఒప్పుకునేముందే తెలుసుకోవాలి.

దీపం ఆరనప్పుడు రెండో అనుమానం మనుషుల చేతి పని మీదికి పోతుంది. బయట దుకాణంలో కొత్త మ్యూజిక్ సిస్టమ్ వేయించాక, పైకప్పులోంచి డ్యాష్‌క్యామ్ తీగ లాగించాక, ముందు అద్దం మార్పించాక ఈ హెచ్చరిక మొదలైతే, ఎస్‌ఓఎస్ మైకు ప్లగ్గో యాంటెన్నా ప్లగ్గో ఊడి ఉండటానికే అవకాశం ఎక్కువ. ఈ పనులన్నీ ఆ తీగలున్న చోటే జరుగుతాయి.

పరీక్షకు అందని లోపాలు

స్వీయపరీక్షలో అన్నీ పాసైన కారు కూడా అవసరానికి తప్పు చెప్పవచ్చు. 2020 మేలో ఫోక్స్‌వ్యాగన్ తన ఎనిమిదో తరం గోల్ఫ్ కార్ల అప్పగింతను కొన్ని వారాలు ఆపేసింది. కారును నెట్‌వర్క్‌కు కలిపే కంట్రోల్ యూనిట్‌లోని సాఫ్ట్‌వేర్ నమ్మదగని సమాచారం పంపవచ్చని, దానివల్ల ఇ-కాల్‌కు ఆటంకం కలగవచ్చని కంపెనీ లోపలి పరీక్షల్లో తేలింది. దిద్దిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాక జూన్‌లో అప్పగింత మళ్లీ మొదలైంది. ఐరోపాలో ఇ-కాల్ కారు ఆమోదంలో భాగం కాబట్టి, ఇంజన్, బ్రేకులు బాగున్నా కారును కొన్నవారి చేతికి ఇవ్వలేకపోయారు.

మెర్సిడెస్-బెంజ్ సంగతి ఇంకా సూక్ష్మం. ఐరోపాలో ఒక ప్రమాదంలో అత్యవసర కాల్ వెళ్లింది, మాటలూ కలిశాయి, కారు చెప్పిన చోటు మాత్రం తప్పు. 2019 అక్టోబరులో కంపెనీ దర్యాప్తు మొదలుపెట్టింది. గుద్దుకున్న క్షణంలో కమ్యూనికేషన్ మాడ్యూల్‌కు అందే కరెంటు ఒక్కసారి కుప్పకూలి, మళ్లీ లేచేటప్పటికి మాడ్యూల్ తప్పు చోటును పంపవచ్చని తేలింది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో 2016 నుంచి 2021 వరకు మోడళ్లకు చెందిన సుమారు 12.9 లక్షల కార్లను దీనికోసం రీకాల్ చేశారు. మందు సాఫ్ట్‌వేరే, కారు సొంత నెట్‌వర్క్ మీదుగానో, డీలర్ దగ్గరో ఎక్కించారు. ఈ లోపానికి దీపం వెలగదు, ఫోన్‌కు కబురూ రాదు. గుద్దుకున్నప్పుడే పుట్టే లోపాన్ని ఉదయపు పరీక్ష పట్టుకోలేదు. కాల్ కలిసినప్పుడు, మాట్లాడగలిగిన స్థితిలో ఉంటే, ఉన్నచోటును నోటితో కూడా చెప్పాలని అనడం అందుకే.

మూడో రకం లోపం కారు బయట ఉంటుంది. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరి 22న తన 3జీ నెట్‌వర్క్‌ను మూసింది, వెరైజన్ ఆ ఏడాది చివర్లో మూసింది. 3జీ మోడెమ్‌తో అమ్మిన కార్లలో పెట్టె మార్చడమో, సాఫ్ట్‌వేర్ మార్చడమో వీలుకానివి చాలా ఉన్నాయి. అక్కడ పాత కారు కొనుక్కున్న తెలుగు విద్యార్థుల బళ్లలోనూ అద్దం పక్కన ఎస్‌ఓఎస్ బటన్ ఇప్పటికీ కనిపిస్తుంది. మైకు బాగుంది, స్పీకర్ బాగుంది, సిమ్ పలుకుతుంది, టవర్‌లో దాని భాష తెలిసినవారు లేరు. ఐరోపాలోనూ ఇదే బెడద ఉంది. 2018 నాటి ఇ-కాల్ 2జీ, 3జీ కాల్ మీదనే నడిచేలా రూపొందింది, ఆ నెట్‌వర్క్‌లను ఒక్కో దేశమే మూసుకుంటూ వస్తోంది. అందుకని 4జీ, 5జీల మీద నడిచే కొత్త రకం ఇ-కాల్‌ను 2026 జనవరి 1 నుంచి కొత్తగా ఆమోదం పొందే మోడళ్లకు తప్పనిసరి చేశారు. అంతకుముందు అమ్ముడైన కార్లలో పాత మోడెమే ఉంటుంది, తమ ఊళ్లో ఆ సిగ్నల్ ఎన్నాళ్లుంటుందో వాటి యజమానులు మొబైల్ కంపెనీ ప్రకటనల్లో చూసుకోవాలి.